చేతికి రాని 300 డాలర్ల మీద టాక్స్ ఎందుకు? ఆస్ట్రేలియా ఫ్రాంకింగ్ క్రెడిట్ సంగతి

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్నా, పీఆర్ ఉంది. ఇక్కడి బ్యాంకు షేర్లు కొన్నా. డివిడెండ్ అకౌంట్లో పడింది 700 డాలర్లు, కానీ టాక్స్ రిటర్న్‌లో నా ఇన్‌కమ్‌కి 1000 కలుస్తోంది. రాని 300కి నేనెందుకు టాక్స్ కట్టాలి? ఇండియాలో ఇలా ఏం లేదు కదా. నా భార్య పేరు మీదో, అమ్మ పేరు మీదో కొంటే బెటరా?

జవాబు:

ఆ 300 మీకు రాలేదన్నది నిజమే కానీ అది మీ పేరు మీద ముందే ఇక్కడి టాక్స్ ఆఫీసు ఏటీవోకి వెళ్ళిపోయిన డబ్బు అండి. మీ జీతం సంగతే చూడండి. పేస్లిప్‌లో గ్రాస్ ఒకటి ఉంటుంది, టాక్స్ పట్టుకున్నాక చేతికొచ్చేది ఇంకోటి. రిటర్న్‌లో గ్రాసే చూపిస్తాం, పట్టుకున్న టాక్స్‌ని చివర్లో తీసేసుకుంటాం. డివిడెండ్‌కీ ఇక్కడ అదే పద్ధతి, కాకపోతే టాక్స్ కట్టింది మీ ఎంప్లాయర్ కాదు, ఆ బ్యాంకు.

మీ లెక్కే తీసుకుందాం. బ్యాంకు లాభంలో మీ వాటా 1000 అనుకోండి. పెద్ద కంపెనీలకి ఇక్కడ కంపెనీ టాక్స్ 30 శాతం, కాబట్టి 300 ఏటీవోకి కట్టేసి మిగిలిన 700 మీకు పంపారు. మీ డివిడెండ్ స్టేట్‌మెంట్ తీసి చూడండి, కంపెనీ టాక్స్ కట్టాక మీకు పంపిన ఫ్రాంక్డ్ అమౌంట్ 700 అనీ, ఆ కట్టిన టాక్స్‌కి మీకిచ్చే ఫ్రాంకింగ్ క్రెడిట్ 300 అనీ విడివిడిగా ఉంటాయి. స్టేట్‌మెంట్ కనిపించకపోయినా లెక్క కట్టుకోవచ్చు:

700 × 30 / 70 = 300

ఇప్పుడు రిటర్న్‌లో 1000 ఇన్‌కమ్‌గా కలుపుతారు, దాని మీద మీ స్లాబ్ ప్రకారం టాక్స్ వేస్తారు, వేశాక అందులోంచి 300 తీసేస్తారు. 2024-25 రేట్లలో మీ జీతం 45,000కీ 1,35,000కీ మధ్య ఉంటే మీ స్లాబ్ 30 శాతం, ప్రభుత్వ వైద్యం కోసం వేసే మెడికేర్ లెవీ ఇంకో 2 శాతం, అంటే 1000 మీద 320. అందులో 300 ముందే కట్టేశారు కాబట్టి మీరు వేయాల్సింది 20 డాలర్లు అంతే. 1,35,000 దాటితే స్లాబ్ 37 కాబట్టి 390 లోంచి 300 పోను 90 కడతారు, 1,90,000 కూడా దాటిన వాళ్ళయితే 170. మొత్తానికి కంపెనీ లాభం మీద చివరికి పడే టాక్స్ మీ సొంత రేటే, అంతకన్నా ఎక్కువ పడదు.

ఇండియాతో పోల్చారు కాబట్టి అదీ చెప్తా, ఎందుకంటే తేడా ఎంతో తెలిస్తే ఆ 300 మీద కోపం పోతుంది. అక్కడ 2020 మార్చి దాకా డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ టాక్స్ అని కంపెనీయే కట్టేది, ఆ తర్వాత అది తీసేసి డివిడెండ్‌ని మన స్లాబ్‌లో కలిపేశారు, కానీ కంపెనీ కట్టిన టాక్స్‌కి మనకి క్రెడిట్ మాత్రం ఇవ్వలేదు. కొత్త రేటు తీసుకున్న కంపెనీ సర్‌ఛార్జీ, సెస్సుతో కలిపి 25.17 శాతం కడుతుంది. 1000 రూపాయల లాభంలో దాదాపు 252 అక్కడే పోయింది, మిగిలిన 748 డివిడెండ్‌గా ఇస్తే 30 శాతం స్లాబ్‌లో ఉన్నాయనకి సెస్‌తో కలిపి ఇంకో 233 పోతుంది, చేతిలో మిగిలేది 515 దగ్గర. ఇక్కడ అదే 30 శాతం స్లాబ్ మనిషికి 1000లో 680 మిగులుతోంది. కంపెనీ రేటు ఇక్కడే ఎక్కువ, అయినా మిగిలేది కూడా ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే ఒకే లాభం మీద రెండుసార్లు వేయట్లేదు. ఇక్కడ కూడా 1987 జూలైకి ముందు రెండుసార్లే వేసేవాళ్ళు, పాల్ కీటింగ్ ట్రెజరర్‌గా ఉన్నప్పుడు ఈ పద్ధతి వచ్చింది.

ఇక మీ భార్య, అమ్మగారి సంగతి. మా ఇంట్లో బాగా ఉపయోగపడింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

1987లో వచ్చినప్పుడు క్రెడిట్ మన టాక్స్‌ని సున్నా దాకా తగ్గించేది, ఇంకా మిగిలితే మిగిలింది పోయేది. 2000 జూలై నుంచి మిగిలింది నగదుగా వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టారు. పిల్లాడు చిన్నోడని మా ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న టైంలో తన పేరు మీద ఉన్న షేర్లకి ఏడాదిలో 2100 డివిడెండ్ వచ్చింది, క్రెడిట్ 900. తనకి వేరే ఇన్‌కమ్ లేదు, మొత్తం కలిపినా 3000, టాక్స్ మొదలయ్యేదే 18,200 దాటాక, అంచేత ఆ 900 మొత్తం ఏటీవో తన అకౌంట్లో వేసింది. తనని రిటర్న్ వేయమని కూడా అడగలేదు. రిటర్న్ అవసరం లేని వాళ్ళకి రీఫండ్ ఆఫ్ ఫ్రాంకింగ్ క్రెడిట్స్ అని చిన్న అప్లికేషన్ విడిగా ఉంటుంది, మైగవ్‌లోనే చేసుకోవచ్చు. ఈ అప్లికేషన్ సంగతి తెలియక, ఇన్‌కమ్ లేదు కదా ఇంకేం వేస్తాంలే అని వదిలేసిన తెలుగు కుటుంబాలని చూశాను, నాకు నిజంగా బాధేస్తుంది, అది వాళ్ళ డబ్బు. 2019 ఎలక్షన్లలో లేబర్ పార్టీ ఈ నగదు రీఫండ్‌ని చాలామందికి ఆపేస్తామంది, ఓడిపోయింది, రీఫండ్ అలాగే ఉంది.

మా ఆవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరాక ఆ లాభం తగ్గింది, ఎందుకంటే తను కూడా 30 శాతం స్లాబ్‌లోకి వచ్చేసింది. 2024-25 రేట్లలో 45,000 లోపు పార్ట్‌టైం చేసే వాళ్ళకి స్లాబ్ 16 శాతమే, క్రెడిట్ 30 శాతం, మెడికేర్ లెవీ పడితే అది పోను ఆ తేడా మాత్రం వెనక్కి వస్తుంది. ఒక జాగ్రత్త ఏంటంటే, ఇప్పటికే మీ పేరు మీద ఉన్న షేర్లని ఆవిడ పేరుకి మారిస్తే అది అమ్మినట్టే లెక్క, లాభం ఉంటే క్యాపిటల్ గెయిన్స్ మీరు కట్టాలి. కొత్తగా కొనేవి మొదటి నుంచీ ఆవిడ పేరు మీద, ఆవిడ టాక్స్ ఫైల్ నంబర్‌తో కొనండి.

అమ్మగారి విషయంలో అసలు ప్రశ్న ఆవిడ ఇక్కడ టాక్స్ రెసిడెంటా కాదా అన్నది. మా అమ్మ పీఆర్ మీద మాతోనే ఉంటుంది, అందుకని తనకీ మా ఆవిడ లాగే పూర్తి రీఫండ్ వస్తుంది. అదే మీ అమ్మగారు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటూ విజిటర్ వీసా మీద వచ్చి వెళ్తుంటే ఆవిడ నాన్ రెసిడెంట్. అప్పుడు ఫ్రాంక్డ్ డివిడెండ్ మీద ఆస్ట్రేలియా ఇంకేం పట్టుకోదు, కానీ ఆ 300 కూడా వెనక్కి ఇవ్వదు. పైగా ఆవిడ ఇండియాలో ఆ డివిడెండ్‌ని చూపించి స్లాబ్ ప్రకారం కట్టుకోవాలి, ఇక్కడి కంపెనీ కట్టిన టాక్స్‌కి అక్కడ క్రెడిట్ రాదు. కాబట్టి ఆ పరిస్థితిలో అయితే ఆవిడ పేరు మీద వద్దనే చెప్తాను.

ఇదే తిరగేస్తే మీకూ వర్తిస్తుంది. ఇండియాలో మీకు పాత షేర్లు ఉంటే వాటి డివిడెండ్ పీఆర్ వచ్చాక ఇక్కడ చూపించాలి, అక్కడ పట్టుకున్న టీడీఎస్‌కి ఒప్పందం ప్రకారం 15 శాతం దాకా ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, అంతేగానీ అక్కడి కంపెనీ తన లాభం మీద కట్టిన టాక్స్‌కి ఏమీ రాదు. ఫ్రాంకింగ్ అనేది ఆస్ట్రేలియాలో కట్టిన కంపెనీ టాక్స్‌కే. అందుకే ఇక్కడి కంపెనీలే అయినా లాభంలో ఎక్కువ భాగం విదేశాల నుంచి వచ్చేవి కొన్ని సగమే ఫ్రాంక్ చేస్తాయి, కొన్ని అసలు చేయవు. డివిడెండ్ ఈల్డ్, అంటే షేరు ధరలో డివిడెండ్ శాతం, పెద్దగా కనిపించిందని కొనేముందు ఫ్రాంకింగ్ ఎంత శాతమో తప్పకుండా చూడండి, 100 శాతం ఫ్రాంక్ అయిన 4 శాతం ఈల్డ్ అంటే టాక్స్‌కి ముందు 5.7 శాతం దగ్గరికి వస్తుంది. 25 శాతం రేటు కట్టే చిన్న కంపెనీలు కూడా ఉన్నాయి, వాటికి 30/70 బదులు 25/75 లెక్క వేసుకోవాలి.

రిటర్న్ నింపేటప్పుడు ఎక్కువగా తేడా వచ్చేది బాక్సుల దగ్గర. ఫ్రాంక్డ్ అమౌంట్ బాక్సులో 700, ఫ్రాంకింగ్ క్రెడిట్ బాక్సులో 300 వేయాలి. 1000 అన్నారు కదా అని మొదటి బాక్సులో 1000 వేసి కింద మళ్ళీ 300 వేస్తే మీ ఇన్‌కమ్ 1300 అయిపోతుంది, సిస్టమ్ ఆ రెండు బాక్సుల్నీ తనే కలుపుకుంటుంది కాబట్టి. ప్రీఫిల్ అయిన అంకెలు ఉంటే వాటిని స్టేట్‌మెంట్‌తో పోల్చి వదిలేయండి. డివిడెండ్ నగదుగా తీసుకోకుండా మళ్ళీ షేర్లుగా తీసుకునే ప్లాన్‌లో ఉన్నా సరే, ఆ డబ్బూ ఆ క్రెడిట్టూ రెండూ ఆ ఏడాదిలోనే చూపించాలి. ఈటీఎఫ్ ఉంటే మాత్రం జూలై మొదట్లోనే తొందరపడి వేయకండి, వాటి ఏడాది టాక్స్ స్టేట్‌మెంట్ వచ్చేదాకా క్రెడిట్ ఎంతో తేలదు.

ఇంకోటి, డివిడెండ్ కోసమే ముందు రోజు కొని తర్వాత అమ్మేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. మా ఆఫీసులో ఒకాయన సీజన్ అంతా అలాగే చేశాడు. ఎక్స్ డివిడెండ్ రోజున, అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్ళకి ఆ డివిడెండ్ రాని రోజున, షేరు ధర సుమారు డివిడెండ్ అంత పడిపోతుంది, కొన్నిసార్లు క్రెడిట్ విలువలో కొంత కూడా కలిపి పడుతుంది, అక్కడే ఆయన లాభం సగం పోయింది. దాని పైన 45 రోజుల రూల్ ఉంది. కొన్న రోజూ అమ్మిన రోజూ లెక్కలోకి తీసుకోకుండా కనీసం 45 రోజులు ఆ షేర్లు మీ రిస్కు మీద ఉండాలి, లేకపోతే క్రెడిట్ ఇవ్వరు. ఏడాది మొత్తం క్రెడిట్లు 5000 డాలర్ల లోపు ఉన్న వ్యక్తులకి ఈ రూల్ మామూలుగా పట్టదు, అంటే పూర్తిగా ఫ్రాంక్ అయిన డివిడెండ్లు దాదాపు 11,600 దాకా పర్లేదు. ఆయనకి ఆ గీత దాటింది, కొన్ని షేర్లని వారం కూడా ఉంచలేదు, ఆ డివిడెండ్లకి టాక్స్ పడింది, క్రెడిట్ మాత్రం రాలేదు. మీరు అమ్మేటప్పుడు కూడా గుర్తుంచుకోండి, ఈ రూల్ కోసం చివర కొన్నవే ముందు అమ్మినట్టు లెక్కేస్తారు, కాబట్టి ఏళ్ళ తరబడి ఉన్న పాత షేర్లు అమ్ముతున్నాం కదా అనే వాదన ఇక్కడ పనికిరాదు.

మీ పిల్లలు చైల్డ్‌కేర్‌కి వెళ్తుంటే మాత్రం ఆ 300ని ఇంకోచోట కూడా లెక్కేసుకోవాలి. మీ టాక్సబుల్ ఇన్‌కమ్‌లో కలిసేది 1000, చైల్డ్ కేర్ సబ్సిడీకి చూసేది దాని మీద ఆధారపడ్డ కుటుంబ ఆదాయమే. సంవత్సరం మొదట్లో ఆ సబ్సిడీ చూసే ప్రభుత్వ ఆఫీసు సెంటర్‌లింక్‌కి ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు అకౌంట్లో పడిన డివిడెండ్ కాకుండా క్రెడిట్ కూడా కలిపి చెప్పండి, లేకపోతే ఏడాది చివర సరిచూసినప్పుడు ఎక్కువ ఇచ్చామని వెనక్కి అడుగుతారు.