చీకటికి ఒక పని ఇవ్వు

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన రూళ్ళ నోటుబుక్కు పెట్టుకుని శీనూ, బాషా చేసినట్టే చేసి చూశాను. జవాబు ఆలస్యం కావడానికి కారణం అదే.

నీ కథలో కరెంటు పోతుంది, పిల్లలకు తోచదు, అందుకని నోటుబుక్కులో బొమ్మలేస్తారు. కరెంటు పోవడానికి బదులు వానపడినా, బడికి సెలవిచ్చినా కథ ఇలాగే నడుస్తుంది. అంటే చీకటికి నువ్వు ఏ పనీ ఇవ్వలేదన్నమాట. ఆ పని వాళ్లు చేసే ఫ్లిప్‌బుక్కులోనే, అంటే పేజీలు గబగబా వదిలితే బొమ్మ కదిలినట్టు కనబడే పుస్తకంలోనే దాగి ఉంది. ప్రతి పేజీలోని బొమ్మ దాని ముందు గీసిన బొమ్మ కంటే కొంచెమే జరగాలి. ఎంత జరిగిందో తెలియాలంటే కింది పేజీలో గీసింది పైకి కనబడాలి. గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే వెలుతురంతా పైనుంచి కాగితం మీద పడుతుంది, కిందిది సరిగా ఆనదు. చీకట్లో కాగితం కిందనుంచి దీపం చూపిస్తే కింది గీత పొగమంచులోంచి చూసినట్టు పైకి తేలుతుంది. కరెంటు పోయింది కాబట్టే వాళ్లకిది తెలిసిందని రాయి.

కానీ నీ కథలోని కొవ్వొత్తి తీసెయ్యి. కాగితాన్ని అద్దం మీద పరిచి కింద కొవ్వొత్తి పెడితే మసి పడుతుంది, వేడికి అద్దం పగలొచ్చు కూడా. నేను స్టీలు గిన్నెలో చిన్న టార్చిలైటు పైకి చూసేలా నిలబెట్టి, పాత ఫోటోఫ్రేము అద్దం గిన్నె మీద మూతలా పెట్టాను. గీసిన పేజీని అద్దం మీద పరిచి, దానిమీదకు ఖాళీ పేజీ తిప్పాలి. నోటుబుక్కు మిగతా బరువంతా ఎడమవైపుకి జారిపోతుంటుంది, దాన్ని ఇంకొకరు పట్టుకోవాలి. నీ కథకు ఇద్దరు స్నేహితులు ఎందుకు కావాలో నాకక్కడ అర్థమైంది. ఒకడు పట్టుకుంటాడు, ఒకడు గీస్తాడు. పట్టుకున్నవాడి చెయ్యి లాగేస్తుంటుంది, గీసేవాడు తొందరపడడు. వాళ్ల మధ్య మాటలు అక్కడ పుట్టించు.

గీసింది కింద, ఖాళీది పైన ఉండాలి కాబట్టి పుస్తకం చివరి పేజీ నుంచి మొదలుపెట్టాలి. బొమ్మ కుట్టు దగ్గర కాకుండా బయటి అంచు వైపు ఉండాలి, బొటనవేలితో పేజీలు వదులుతుంటే కనబడేది అంతమేరే.

ఇక అసలు సంగతి. నీ పిల్లలు కొమ్మ మీంచి మామిడికాయ రాలడం గీస్తారు, మొదటిసారికే బ్రహ్మాండంగా వస్తుంది. అలా రాదు. శీను పద్ధతైన పిల్లవాడు కదా, పేజీకి ఒక్క రూలు చొప్పున కాయని దించుతాడు. పదహారు రూళ్ళు, పదహారు పేజీలు. పేజీలు గబగబా వదిలితే కాయ రాలదు. బావిలోకి చేద దించినట్టు నిదానంగా దిగుతుంది. నాకూ అలాగే దిగింది. తప్పు ఎక్కడుందో వాళ్లకి వెంటనే అంతు పట్టకూడదు. బొమ్మ బాగానే ఉంది, గీతలు కుదురుగానే ఉన్నాయి, అయినా కాయకి బరువు లేదు.

అది బాషా కనిపెట్టాలి. తోటలో కాపలాకి కూర్చున్నవాడు వాడు. కాయ తొడిమ తెగినప్పుడు కదిలీ కదలనట్టుంటుందని, ఆ తర్వాత కంటికి అందదని వాడికి తెలుసు. మొదట ఒక రూలు, తర్వాత మూడు, తర్వాత ఐదు, ఆపైన ఏడు. అవే పదహారు రూళ్ళు, నాలుగే అడుగుల్లో పూర్తయ్యాయి. అయితే అది మరీ రెప్పపాటులో అయిపోతుంది, కాబట్టి రాలకముందు పది పేజీల దాకా కాయని కొమ్మకే వేలాడనివ్వాలి, కొద్దిగా ఊగనివ్వాలి. ఈ లెక్క పిల్లల నోట సూత్రంలా పలికించకు. బాషా వేలితో రూళ్ళు దాటిస్తూ చూపిస్తే చాలు.

మధ్యలో నువ్వు, 1868లో ఇంగ్లండులో జాన్ బార్న్స్ లినెట్ ఈ బుక్కుకి పేటెంటు తీసుకున్నాడని ఒక పేరా రాశావు. నిజమే, కానీ ఆ రాత్రి ఆ గదిలో ఉన్న ఎవరికీ అది తెలియదు. తీసెయ్యి. ఆ జాగాలో ఇది పెట్టు: శీను అలవాటుకొద్దీ పుస్తకాన్ని ముందునుంచి వెనక్కి తిప్పుతాడు. నేలమీది మామిడికాయ లేచి కొమ్మకి అతుక్కుంటుంది. చివరి పేజీ నుంచి గీసిన పుస్తకంలో అలాగే అవుతుంది. నేనైతే దాన్ని ఆరేడుసార్లు తిప్పుకున్నాను.

ముగింపులో కరెంటు రాగానే ఇద్దరూ చప్పట్లు కొడతారని రాశావు. కాయ నేలని తాకి ఎగిరే పేజీలు ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి కదా. ట్యూబులైటు వెలగ్గానే అద్దం మీది కాగితం తెల్లగా అయిపోతుంది, కింది బొమ్మ మాయమవుతుంది. బాషా లేచి వెళ్లి స్విచ్చి ఆర్పనీ. వంటింట్లోంచి అమ్మ అరుస్తుంది: "ఎవర్రా లైటార్పిందీ?"