సగం నమ్మకంతో పెట్టే దీపం గురించి రాయడం

అమ్మ పోయాక చెన్నైలో ఒక్కడినే ఉంటూ రోజూ దీపం పెడుతున్నాను, నమ్మకం మాత్రం సగమే. దీని గురించి ఉపదేశంలా కాకుండా వ్యాసం ఎలా రాయాలి?

నమ్మకాన్ని పక్కన పెట్టి, ముందు ఒక్క రోజు దీపం గురించి రాయండి. "దీపం మనసుకు శాంతినిస్తుంది" అని రాస్తే అది పాఠకుడికి చెప్పిన పాఠమే అవుతుంది. దాని బదులు ఇలా రాసి చూడండి: "ఆఫీసుకు టైమైపోయింది. చెప్పులు వేసుకున్నాక గుర్తొచ్చింది. విప్పి లోపలికి వెళ్లాను. కుందిలో నిన్నటి నూనె అడుగంటింది, వత్తి నల్లబడింది. కొత్త వత్తి వేసి వెలిగించాను. అమ్మ కోసమా, దేవుడి కోసమా, తెలియలేదు." సందేహం ఆ వెనక్కి తిరగడంలోనే ఉంది, వేరే పేరాలో వివరించక్కర్లేదు.

రాశాక పైకి చదవండి. "మనం", "ప్రతి ఒక్కరూ" అన్న మాటలు, "చేయాలి", "ఉండాలి" అంటూ ముగిసే వాక్యాలు దొరికితే, వాటిని "నేను", "ఆ రోజు" అని మార్చి చూడండి. మార్చాక అబద్ధంగా వినిపిస్తే ఆ వాక్యం కొట్టేయండి.

చాలామంది తడబడేది చివర్లోనే. సందేహం తీరిపోయినట్టు ముగిస్తే అదీ ఉపదేశమే, నాస్తికత్వం వైపు తేల్చినా అంతే. మీకు ఇంకా తేలలేదు కాబట్టి, తలుపు తాళం వేసి మెట్లు దిగడం దగ్గర ఆపేయండి.