కాంట్, ఒక జత చేతి తొడుగులు

ప్రశ్న: "మనకు తెలిసేవి వస్తువులు కనిపించే తీరు మాత్రమే, అవి స్వతహాగా ఎలా ఉంటాయో తెలియదు అని జర్మన్ తత్వవేత్త కాంట్ అంటాడు కదా. అంటే ప్రపంచమంతా భ్రమేనా? స్థలం, కాలం మనిషి అనుభవానికి రూపాలు అని ఎందుకన్నాడు?"

భ్రమ కాదు. తాడును చూసి పాము అనుకుంటే అది భ్రమ. దీపం తెచ్చి చూస్తే పోతుంది. కాంట్ మాట్లాడే 'కనిపించే తీరు' ఎంత మంచి పరికరంతో చూసినా పోయేది కాదు. ఎం.ఏ.లో ఆయన 1781 నాటి 'శుద్ధ బుద్ధి విమర్శ' చదువుతున్నప్పుడు, అందులో ఇంద్రధనస్సు గురించి రాసిన చోట నాకు ఈ తేడా స్పష్టమైంది. ఇంద్రధనస్సు కేవలం కనిపించేది, నిజంగా ఉన్నవి వాన చినుకులు అంటాం. భౌతికశాస్త్రం వరకు అది సరైన మాటే అని కాంట్ ఒప్పుకుంటాడు. కానీ అక్కడితో ఆగడు. ఆ చినుకులు, వాటి గుండ్రటి ఆకారం, చివరికి అవి పడుతున్న స్థలం కూడా మన అనుభవంలోనివే అంటాడు. చినుకు నిజం, దాన్ని కొలవచ్చు. అయితే ఆ కొలత మనిషికి అనుభవమయ్యే చినుకుది.

మరి స్థలాన్ని కూడా అనుభవం వైపే ఎందుకు చేర్చాడు? ఇక్కడ నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది 1783లో ఆయన వాడిన చేతుల ఉదాహరణ. మీ రెండు చేతులూ అచ్చం ఒకేలా ఉన్నాయనుకోండి. ఒక చేతిని మాటల్లో వర్ణించండి. వేళ్ళ పొడవులు, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య దూరం, ప్రతి కణుపు దగ్గర కోణం, అన్నీ రాయండి. అదే వర్ణన రెండో చేతికీ పూర్తిగా సరిపోతుంది. అయినా ఎడమ చేతి తొడుగు కుడి చేతికి పట్టదు. చేతిలోని భాగాల మధ్య సంబంధాలన్నీ చెప్పేశాక కూడా ఒక తేడా మిగిలిపోయింది. దాన్ని చూపించగలం, 'ఇటు', 'అటు' అనగలం. అంతకుమించి నిర్వచనంతో చెప్పలేం.

క్లాసులో దీని మీద చాలా వాదించుకున్నాం. వస్తువు స్వతహాగా ఎలా ఉందో బుద్ధి ఒక్కటే గ్రహించగలిగితే, దాని అంతర్గత లక్షణాలన్నీ తెలిసినప్పుడు ఇలాంటి తేడా మిగలకూడదు. ఇక్కడ మిగిలింది, అదీ స్థలం మొత్తంతో చేతికున్న సంబంధంలో. కాబట్టి స్థలం బుద్ధి తయారుచేసుకున్న భావన కాదు, ఇంద్రియాలతో గ్రహించే తీరుకు చెందినది అని కాంట్ తేల్చాడు. 'రూపం' అనే మాటకు అర్థం కూడా అదే. రంగు, వాసన, బరువు అనుభవంలోకి వచ్చే సరుకు. స్థలం ఆ సరుకు అమరే పద్ధతి. వస్తువులు లేని ఖాళీ స్థలాన్ని ఊహించగలం, స్థలమే లేదని ఊహించలేం అని ఆయన అన్నది కూడా ఇందుకే.

ఒక సంగతి మాత్రం దాటవేయకూడదు. 1768లో ఇవే చేతుల నుంచి కాంట్ వేరే నిర్ణయానికి వచ్చాడు. అప్పుడాయన, వస్తువులతో నిమిత్తం లేకుండా స్థలం దానంతటది ఉందని న్యూటన్ వైపు మొగ్గాడు. ఒకే ఉదాహరణ రెండు వైపులా పనిచేసిందంటే, అది ఒక్కటే చాలదని అర్థం. స్థలం వస్తువుల మధ్య సంబంధాల మొత్తమే అనే తత్వవేత్త లైబ్నిజ్ అభిప్రాయాన్ని మాత్రం చేతులు గట్టిగా దెబ్బతీస్తాయి. మిగతా బరువును మోసేది జ్యామితి. కొలిచి చూడకుండానే స్థలం గురించి తప్పనిసరి సత్యాలు మనకు ఎలా తెలుస్తాయి? అది మన గ్రహణానికి రూపం కాబట్టే అని ఆయన జవాబు.

కాలం విషయంలోనూ వాదం ఇలాగే నడుస్తుంది, కాకపోతే ఇంకా లోపలికి తాకుతుంది. నా ఆలోచనలు నాకు ఒకదాని తర్వాత ఒకటిగానే తెలుస్తాయి. అంటే నన్ను నేను తెలుసుకునేది కూడా కనిపించే తీరులోనే! కాంట్ ఈ ఆలోచనను మొదట ముందుకు తెచ్చిన 1770లోనే తత్వవేత్త లాంబర్ట్ దీనికి అడ్డు చెప్పాడు. మన ఆలోచనలు మారడం నిజమైతే కాలమూ నిజమే కదా అన్నాడు. కాలం నిజమే, మన అనుభవానికి నిజమైన రూపంగా నిజం అన్నది కాంట్ సమాధానం. నాకు ఇది సరిపోయే సమాధానంగానే తోస్తుంది.

నాకు ఇప్పటికీ తెగనిది మరో అభ్యంతరం. స్థలం మన గ్రహణానికి రూపం అయినంత మాత్రాన, వస్తువులకు స్వతహాగా కూడా అది ఉండకూడదని ఏముంది? రెండూ నిజం కావచ్చు కదా అని 19వ శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త ట్రెండెలెన్‌బర్గ్ అడిగాడు. వస్తువులలో స్వతహాగా స్థలం లేదని కాంట్ ఖరారుగా అంటాడు. నా మటుకు నాకు, ఆయన వాదాలు 'ఉందో లేదో మనకు తెలియదు' అన్నంతవరకే తీసుకెళ్తాయనిపిస్తుంది. ఆ పుస్తకం చదివితే, స్థలం గురించిన వాదాలు ముగిసి నిర్ణయాలు మొదలయ్యే చోట ఆగి, ఈ ప్రశ్న పక్కన పెట్టుకుని చదవండి.