కమిటీలో ముగ్గురి మార్కులు కలవకపోతే సగటు తీసేయొచ్చా?

ప్రశ్న: బెంగళూరులో మా ఆఫీసు క్యాంటీన్‌కి టెండర్ పిలిచాం. టెక్నికల్‌కి 70, ధరకి 30 వెయిటేజీ. ఒక వెండర్‌కి కిచెన్ శుభ్రత కింద ఇద్దరం 9, 8 వేస్తే ఇంకొకరు 4 వేశారు. సగటు తీసి ముందుకెళ్ళొచ్చా? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చూపించాలి? ధరల కవర్లు ఇంకా తెరవలేదు.

జవాబు:

ఇప్పుడే సగటు తీయకండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ప్రైవేటు కంపెనీ కొనుగోళ్ళ విభాగంలో పని చేస్తున్నాను. మాకూ క్యాంటీన్ టెండర్‌లోనే, అదీ శుభ్రత దగ్గరే, ఇలాంటి తేడా వచ్చింది. ఆ రోజు సగటు తీసేసి ఉంటే టెండర్ ఇంకొకరికి వెళ్ళిపోయేది. అందుకే లెక్కతో సహా చెప్తాను.

మాది కూడా 70:30. టెక్నికల్‌లో 100కి కనీసం 70 రావాలి, రాకపోతే ధర కవరు తెరవం అని టెండర్ డాక్యుమెంట్‌లోనే రాశాం. ఆ వందలో కిచెన్ శుభ్రతకి 35, మెనూ, రుచికి 25, అనుభవానికి 20, సరఫరా ఏర్పాట్లకి 20. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సుకి మార్కులు పెట్టలేదు. అది ఉంటేనే లోపలికి రావాలి, లేకపోతే లేదు. కమిటీలో ముగ్గురం, ఒక్కో అంశానికి పదికి మార్కులు వేస్తాం. ముగ్గురి సగటుని ఆ అంశం వెయిటేజీతో హెచ్చించి పదితో భాగిస్తాం. నలుగురు వెండర్లు వచ్చారు.

నాలుగో వెండర్ కిచెన్‌కి ముగ్గురం కలిసే వెళ్ళాం. ఉదయం పదకొండు దాటింది. నేల తుడిచి ఉంది, స్టీలు సామాను మెరుస్తోంది, వంటవాళ్ళ తలలకి క్యాప్‌లున్నాయి. నేను, మా అడ్మిన్ ఆయన చెరో 8 వేశాం. మా మూడో సభ్యురాలు క్వాలిటీ విభాగం నుంచి వచ్చారు. ఆవిడ కోల్డ్ రూమ్ తలుపు పక్కన వేలాడుతున్న రిజిస్టరు తిప్పి చూశారు. ఆ రోజు వరసలో ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటల గడులు మూడూ నిండి ఉన్నాయి. మూడింట్లోనూ నాలుగు డిగ్రీలే. పదకొండింటికే సాయంత్రం ఉష్ణోగ్రత ఎవరు చూశారు? ఆవిడ ఫోన్‌లో ఫొటో తీసుకుని, షీట్‌లో 3 వేశారు.

8, 8, 3 సగటు 6.33. దాన్ని 35 వెయిటేజీకి మారిస్తే 22.17. మిగతా మూడు అంశాల్లో ఆ వెండర్‌కి 48 వచ్చాయి. మొత్తం 70.17, అంటే గీత దాటేశాడు. అతని ధర ప్లేటుకి 72 రూపాయలు, నలుగురిలో అందరికంటే తక్కువ. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మార్కులు అలాగే ఉంచి ఉంటే మొత్తం స్కోరులో 79.12తో అతనే మొదటి స్థానంలో నిలిచేవాడు.

మేం ముందే ఒక నియమం పెట్టుకున్నాం. ఒకే అంశంలో ఇద్దరి మధ్య మూడు మార్కులు, అంతకు మించి తేడా వస్తే కూర్చుని మాట్లాడాలి. మాట్లాడాక ఎవరి మార్కు వాళ్ళే మార్చుకోవచ్చు, మార్చుకోకుండానూ ఉండొచ్చు. అధ్యక్షుడు ఎవరినీ మార్చమని అనకూడదు. ఆవిడ ఫొటో చూపించగానే మా ఇద్దరికీ విషయం అర్థమైంది. మేం చూసింది ఆ పూట శుభ్రత, ఆవిడ చూసింది వాళ్ళ రోజువారీ అలవాటు. ఇద్దరం 8ని 4కి దించాం. కొత్త సగటు 3.67, శుభ్రతకి 12.83, మొత్తం 60.83. అతను అక్కడితో ఆగిపోయాడు.

మార్కు దించిన పద్ధతే ఆడిట్‌లో మమ్మల్ని కాపాడింది. పాత 8ని చెరపలేదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన 4 వేసి, తేదీ, సమయం, పొట్టి సంతకం పెట్టి, కింద ఒక్క వాక్యం రాశాం: “సాయంత్రం 4 గంటల ఉష్ణోగ్రత ఉదయం 11కే నింపి ఉంది, ఫొటో 7.” “చర్చ తర్వాత సవరించాం” అని మాత్రం రాయకండి. చదివేవాడికి దానివల్ల ఏమీ తెలియదు. మార్కుకి కారణం ఎవరైనా మళ్ళీ వెళ్ళి సరిచూడగలిగే విషయం అయ్యుండాలి. ఎక్సెల్‌లో నేరుగా వేసేవాళ్ళైతే పాత మార్కుకి ఒక కాలమ్, కొత్తదానికి ఒకటి, కారణానికి ఒకటి పెట్టుకోండి. ఒకే గడిలో అంకె మార్చేస్తే మొదట ఏముందో ఎవరికీ తెలియదు.

మీ కమిటీలో 4 వేసినవారిని కూడా ముందు అడగాల్సింది ఇదే: మీరు ఏం చూశారు? చెప్పడానికి ఏమీ లేకపోతే తేడా బహుశా కొలమానంలోనే ఉంది. కొందరికి 8 అంటే “పర్వాలేదు”, ఇంకొందరికి “చాలా బాగుంది”. అందుకే ఇప్పుడు టెండర్ పిలిచేముందే ప్రతి అంశానికీ రెండు మూడు మెట్లు రాసి పెట్టుకుంటున్నాం. శుభ్రతలో 8 అంటే రికార్డులన్నీ ఏ రోజుకారోజు నింపి ఉన్నాయి, పచ్చి, వండిన సరుకు వేరు వేరుగా ఉంది. 5 అంటే రికార్డులు ఉన్నాయి కానీ ఖాళీలున్నాయి. 3 అంటే రికార్డు నమ్మలేం. ఇలా రాసుకున్నాక మా మార్కులు చాలావరకు దగ్గరికి వచ్చాయి.

ఇదంతా ధరలు తెరవకముందే అయిపోవాలి. మా టెక్నికల్ షీట్లు ముగ్గురం సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ సాయంత్రమే ఇంటర్నల్ ఆడిట్‌కి మెయిల్ చేశాం. ఆ మెయిల్ సమయమే మా తాళం. తర్వాత ఎవరైనా “ధర చూసి మార్కులు మార్చారు” అంటే చూపించడానికి అదొక్కటి చాలు. వెండర్ల దగ్గర ధరల ఫైల్ పాస్‌వర్డ్‌తో తీసుకున్నాం. పాస్‌వర్డ్ ఆ తర్వాతే అడిగాం.

ఇక్కడే మేమొక తప్పు చేశాం. అర్హత వచ్చిన ముగ్గురినే పాస్‌వర్డ్ అడగాల్సింది, పొరపాటున నలుగురికీ మెయిల్ వెళ్ళింది. మా జూనియర్ అబ్బాయి నాలుగు ఫైళ్ళూ తెరిచి, నాలుగు ధరలూ షీట్‌లో పెట్టాడు. ధర స్కోరు అంటే అతి తక్కువ ధరని ఆ వెండర్ ధరతో భాగించి 100తో హెచ్చించడం. ఫార్ములాలో అతి తక్కువ ధరగా నాలుగో వెండర్ 72 వచ్చి కూర్చుంది. అతను ఎలాగూ పోటీలో లేడు కదా, ఏమవుతుంది అనిపిస్తుంది. ఏమైందో చూడండి.

మొదటి వెండర్‌కి టెక్నికల్ 86, ధర 120. రెండో వెండర్‌కి 79, ధర 96. మూడో వెండర్‌కి 72, ధర 90. 72ని ఆధారం చేసుకుంటే మొదటి వెండర్‌కి మొత్తం 78.20, రెండో వెండర్‌కి 77.80. మొదటి వెండర్ గెలిచినట్టు సిఫారసు నోట్ కూడా టైప్ అయిపోయింది. ఇంటర్నల్ ఆడిట్ నుంచి వచ్చినావిడ కాలిక్యులేటర్ పట్టుకుని మొదటి వరస వేసి చూసి, “ఈ 72 ఎవరిదండీ?” అని అడిగారు. అర్హత ఉన్న ముగ్గురిలో తక్కువ ధర 90. దాంతో వేస్తే మొదటి వెండర్‌కి 82.70, రెండో వెండర్‌కి 83.43. గెలుపు తారుమారైంది. ఆధారం ధర ఎంత కిందికి దిగితే మిగతావాళ్ళ ధరల మధ్య తేడా స్కోరులో అంత నలిగిపోతుంది. దాంతో ఖరీదైనవాడికి లాభం.

ఇప్పుడు మేం వాడే ఫార్ములా ఇది. టెక్నికల్ మొత్తం C కాలమ్‌లో, ధర D లో, ధర స్కోరు E లో, తుది స్కోరు F లో:

```
E2: =IF(C2>=70, MINIFS(D$2:D$5, C$2:C$5, ">=70")/D2*100, "")
F2: =IF(C2>=70, 0.7*C2+0.3*E2, "")
```

డాలర్ గుర్తులు మర్చిపోకండి. అవి లేకుండా కిందికి లాగితే పరిధి కూడా జారిపోయి, ఒక్కో వరసకి ఒక్కో తక్కువ ధర వస్తుంది. 70 గీత దగ్గర రౌండ్ చేయకూడదు, 69.96 అంటే 69.96 అంతే. ఈ ముక్క కూడా టెండర్ డాక్యుమెంట్‌లోనే ఉండాలి.

తెరవకూడని కవరు తెరిచిన విషయం దాచలేదు. ఎవరు, ఎప్పుడు తెరిచారో, ఆ ధరని లెక్కలోంచి ఎలా తీసేశామో మినిట్స్‌లో రాసి, నాలుగో వెండర్‌కీ మెయిల్ పెట్టాం. తప్పు లెక్క ఉన్న షీట్‌ని కూడా “వెర్షన్ 1, తప్పు” అని పేరు పెట్టి ఫైల్లోనే ఉంచాం. ఆడిటర్‌కి అనుమానం వచ్చేది తప్పు జరిగినందుకు కాదు, దాని జాడ లేకపోతే.

మీరు అడిగిన కాగితాల విషయానికొస్తే, వెయిటేజీలు, మెట్లు ఉన్న టెండర్ డాక్యుమెంట్, వెండర్లతో సంబంధాలు లేవని సభ్యుల సంతకాలు, ఒక్కొక్కరి విడి షీట్లు, ఫొటోలు, తేడాలు మాట్లాడుకున్న మినిట్స్, తాళం వేసిన మెయిల్, ధరలు తెరిచినప్పటి సాక్షుల సంతకాలు, చివరి లెక్క. వెండర్లని అడిగిన వివరణలు, వాళ్ళిచ్చిన జవాబులు కూడా. కట్ట తయారయ్యాక కమిటీలో లేని ఒకరికి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా తుది స్కోరు వేయమనండి. మా ఫైల్లోంచి వాళ్ళకి 83.43 రావాలి. ఎక్కడ ఆగి మిమ్మల్ని ప్రశ్న అడిగారో అక్కడ కాగితం లోటు ఉన్నట్టు.

ఒక మాట. మీది ప్రైవేటు కంపెనీ అనుకుని ఇదంతా చెప్పాను. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే 70:30 క్యాంటీన్‌కి కుదరదు. కేంద్రం ఆర్థిక నిబంధనలైన జి.ఎఫ్.ఆర్. 2017 కన్సల్టెన్సీకి టెక్నికల్ వెయిటేజీ 80 దాకా ఇస్తుంది కానీ, ఇలాంటి సేవలకి 2021 అక్టోబరు ఆదేశాల ప్రకారం 30 మించకూడదు, దానికీ ముందు అనుమతి కావాలి. కర్ణాటక ప్రభుత్వ సంస్థలకి 1999 నాటి టెండర్ పారదర్శకత చట్టం ఉంది. ముందు అది చూసుకోండి.

మీ ధరలు ఇంకా తెరవలేదన్నారు కాబట్టి రేపే ముగ్గురూ కూర్చోండి. 4 వేసినవారిని ముందు మాట్లాడనివ్వండి, ఆఖర్న కాదు. పెద్ద హోదా ఉన్నవారు మొదట మాట్లాడితే మిగతావాళ్ళు వంత పాడతారు. మాట్లాడాక కూడా ఎవరూ మార్చకపోతే అప్పుడు సగటు తీయండి, ముగ్గురి కారణాలూ పక్కన రాసి. ఈలోగా ఎవరైనా ధరలు చూసేసి ఉంటే మాత్రం మార్కులు ముట్టుకోకండి. ఉన్నవి ఉన్నట్టే ఉంచి, తేడా సంగతి నోట్‌లో రాసి, ఆమోదించే పై అధికారికి వదిలేయండి.