ఫ్రెంచ్ ముక్కు అచ్చులు, లియేజాన్: జంట పదబంధాలతో సాధన

ప్రశ్న: ఫ్రెంచ్ ఏ2 చదువుతున్నాను. ఒకచోట “న్ వినిపిస్తోంది, అనకండి” అని టీచర్ ఆపుతారు. ఇంకోచోట “ఇక్కడ న్ ఏది?” అని ఆపుతారు. అసలు ఎక్కడ పలకాలో, ఎక్కడ వద్దో ఎలా సాధన చేయాలి?

జవాబు: ఇబ్బంది మన సున్నతో మొదలవుతుంది. తర్వాతి హల్లును బట్టి అది మారిపోతుంది: కంపలో మ్, కందలో న్. ఫ్రెంచ్ ముక్కు అచ్చులో మాత్రం హల్లే ఉండదు. గాలి నోటి నుంచీ ముక్కు నుంచీ కలిసి వస్తుంది, నాలుక కొన ఎక్కడా తగలదు, పెదాలు మూసుకోవు. హిందీలో అవునంటూ “హాఁ” అంటారే, ఆ పద్ధతి. అందుకే నేను నోట్సులో సున్న బదులు అరసున్న రాసుకునేదాన్ని: మోఁ, బోఁ, త్రేఁ. చదువు కోసం ఫ్రాన్స్ వచ్చిన నాకు బాగా పనిచేసింది ఈ అరసున్న, ఇంకా కింది జంటలు. ఇక్కడికి కొత్తగా వచ్చే తెలుగు పిల్లలకూ ఇవే ఇస్తుంటాను.

```
mon père    / mon ami
mon train   / mon avion
mon ami     / bon ami
ils sont    / ils ont
```

మొదటి జంటలో ఎడమది మోఁ-పేర్, కుడిది మోఁ-న-మి. తర్వాతి పదం హల్లుతో మొదలైతే న్ లేదు. అచ్చుతో మొదలైతే న్ పుడుతుంది, ఇలా పదాలను కలపడాన్నే లియేజాన్ అంటారు, కానీ ఆ న్ మోఁకి చెందదు, తర్వాతి పదం నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి “మోన్... అమి” అని విరవకండి. మోఁ అని, ఆగకుండా “నమి” అనేది ఒక పదమే అన్నట్టు పలకండి.

సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడానికి మోఁని రెండు సెకన్లు సాగదీసి, అప్పుడు పేర్ అనండి. సాగదీసినంతసేపూ అద్దంలో పెదాలు తెరిచే ఉండాలి. ముందే మూసుకుని మ్... అని మోగితే మన సున్న దూరినట్టే. మోఁ-త్రేఁ అన్నప్పుడు పెదాల బదులు నాలుకను గమనించాలి. త్ర వచ్చేదాకా దాని కొన పైపళ్ల వెనక తగలకూడదు. రికార్డు చేసి సగం వేగంతో వింటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు రెండో జంటకు ఒక క్రియ తగిలించండి.

```
Mon train arrive.
Mon avion arrive.
```

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ఇదే. మొదటిది మోఁ-త్రేఁ-అ-రివ్. ఎక్కడా న్ లేదు. రెండోది మోఁ-న-వ్యోఁ-అ-రివ్. మోఁ తర్వాత న్ వచ్చింది, వ్యోఁ తర్వాత రాలేదు. “అరివ్” కూడా అచ్చుతోనే మొదలైంది కదా, మరి ఎందుకు రాలేదు? నా, నీ, ఒక లాంటి చిన్న మాటకూ దాని నామవాచకానికీ మధ్య లియేజాన్ తప్పనిసరి. ఏకవచన నామవాచకం అయిపోయాక క్రియ వస్తే లియేజాన్ చేయరు. చాలామంది “వ్యోనరివ్” అనేది ఇక్కడే. మీ టీచర్ ఒకచోట వద్దని, ఇంకోచోట కావాలని అంటున్నది ఈ తేడా గురించే అయుండొచ్చు.

మూడో జంటలో మెలిక ఉంది. మోఁ-న-మిలో ముక్కు అచ్చు నిలుస్తుంది, పైగా న్ చేరుతుంది. రెండోదాంట్లో మాత్రం అచ్చు ముక్కును వదిలేసి బొ-న-మి అవుతుంది. స్త్రీలింగ రూపమైన bonne amie కూడా చెవికి అచ్చం అలాగే ఉంటుంది, తేడా రాతలోనే. బోఁ లాంటి విశేషణాలు నామవాచకానికి ముందు నిలిచి లియేజాన్ చేసినప్పుడు ఇలా జరుగుతుంది. plein, ancien, certain కూడా అంతే. mon, ton, son, un, en, on మాత్రం ముక్కును వదలవు. మొత్తం పట్టిక బట్టీ పట్టే బదులు మోఁనమి, బొనమి వెంటవెంటనే అనుకుంటూ ఉండండి. కొత్త విశేషణం ఎదురైతే బొనమి పక్కన పెట్టుకోవచ్చు.

నాలుగోదాంట్లో ముక్కు అచ్చు ఒకటే, తేడా అంతా దాని ముందు హల్లుదే. “వాళ్లు ఉన్నారు” అనడానికి సోఁ, “వాళ్ల దగ్గర ఉంది” అనడానికి zోఁ. ఆ రెండో హల్లు మన జ కాదు, హైదరాబాద్ ఉర్దూలో జిందగీ అన్నప్పుడు వచ్చే జ. స అంటూ గొంతు మీద వేలు పెట్టి, అదురు మొదలయ్యేలా చేస్తే అదే వస్తుంది. ఇది తేలిపోతే అర్థమే మారుతుంది కాబట్టి ఈ జంటను తక్కువగా చూడకండి.

వినే ఆడియో విషయం కూడా చూసుకోండి. టూలూజ్, మార్సెయ్ వైపు పాతతరం యాసలో ముక్కు అచ్చు తర్వాత చిన్న న్ లాంటి తోక వినిపిస్తుంది. అది వాళ్ల యాస, తప్పేమీ కాదు. కానీ ఈ జంటలు నేర్చుకునే దశలో అది మన సున్నకు వత్తాసు పలుకుతుంది. అందుకే పారిస్ రేడియో వార్తల లాంటివి పెట్టుకుని, పైన చెప్పిన రెండు వాక్యాల తరహా మాటలు వచ్చినప్పుడల్లా ఆపి, వెంటనే అదే వేగంతో అనండి.