టెక్ సందేహాలు: ఫొటోలోని ఫ్యాన్ ఏ మోడలో, షాపువాడి ధర సరైనదో కాదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: మా అక్కావాళ్ల ఇంట్లో ఫ్యాన్ నచ్చి ఫొటో తీసుకున్నాను. Google Lens లో పెడితే నాలుగు కంపెనీల ఫ్యాన్లు చూపిస్తోంది. మా ఊరి షాపులో ఫొటో చూపిస్తే ‘అదే మోడల్ ఉంది, 3,400’ అన్నారు. నిజంగా అదేనా? ఆ ధర ఇవ్వొచ్చా?

మీ ఫొటోలో ఉన్నది రెక్కల ఆకారం, రంగు, మోటారు కింది మూత. లెన్స్ పోల్చి చూసేది వాటినే. గోధుమరంగు రెక్కలు మూడు, మధ్యలో బంగారు రంగు రింగు ఉన్న ఫ్యాన్లను చాలా కంపెనీలు చేస్తాయి కాబట్టి నాలుగు పేర్లు వచ్చాయి. పైగా ఒకే కంపెనీ ఒకే రకం రెక్కలతో మామూలు మోటారు ఫ్యాన్‌నూ, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్‌నూ అమ్ముతుంది. కింద నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో వెయ్యి రూపాయల దాకా తేడా రావచ్చు. అందుకని ఫ్యాన్ ఫొటో కాదు, ఫ్యాన్ మీద ఉన్న లేబుల్ ఫొటో కావాలి.

లేబుల్ సాధారణంగా మోటారు పక్క భాగంలోనో, పైభాగంలోనో ఉంటుంది. కరెంటు ఆదాను చుక్కల్లో చూపే స్టార్ లేబుల్‌ను మోటారు కింది మూత మీదో రెక్క మీదో అంటిస్తారు. బిగించిన రోజే దాన్ని పీకేసేవాళ్లు ఎక్కువ, కనుక పైవైపు లేబులే నమ్మకం. అక్కని ఇలా చేయమనండి. ముందు ఫ్యాన్ స్విచ్ కట్టేసి, రెక్కలు పూర్తిగా ఆగాక, కదలని స్టూల్ ఎక్కాలి. ఫోన్‌ను రెక్కల కంటే పైకి చాపి వీడియో పెట్టి, మోటారు చుట్టూ మెల్లగా తిప్పాలి. ఫోన్ ఫ్లాష్ వేస్తే మెరిసే లేబుల్ మీద తెల్లటి మచ్చ పడి అక్షరాలు పోతాయి. కింద నుంచి ఇంకొకరు పక్కవాటుగా టార్చ్ పడితే చదవగలిగేలా వస్తుంది. తర్వాత వీడియోను ఆపి, అక్షరాలు స్పష్టంగా ఉన్న చోట స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

ఇప్పుడు లెన్స్ నిజంగా పనికొస్తుంది. ఆ స్క్రీన్‌షాట్‌ను అందులో తెరిచి, మోడల్ పేరు మీద వేలు నొక్కిపట్టి అక్షరాలను కాపీ చేసుకోండి. సున్నాను ‘O’ గా, 8 ని ‘B’ గా చదవడం దానికి మామూలే. కాపీ చేసినదాన్ని లేబుల్‌తో ఒకసారి కంటితో సరిచూసి, కంపెనీ పేరు, మోడల్ పేరు, సైజు మూడూ కలిపి వెతకండి. మోడల్ పేరు చివర ఉండే రెండు మూడు అక్షరాలను వదిలేయొద్దు. రంగు, సైజు, మోటారు రకం లాంటి తేడాలు చాలాసార్లు ఆ చివరి అక్షరాల్లోనే ఉంటాయి. షాపులో ‘అదే మోడల్’ అన్నప్పుడు కొన్నిసార్లు అది అదే పేరున్న వేరే రకం.

లేబుల్ చిరిగిపోయి ఉంటే టేపుతో కొలవండి. మోటారు నడిమధ్య నుంచి రెక్క కొస దాకా 60 సెంటీమీటర్లు ఉంటే అది 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్, అంటే షాపుల్లో 48 అంగుళాలు అనేది. గోడమీద రెగ్యులేటర్ లేకుండా రిమోట్‌తో నడుస్తుంటే దాదాపుగా బీఎల్‌డీసీయే. రిమోట్ వెనక, బిల్లు మీద, వారంటీ కార్డు మీద కూడా మోడల్ పేరు దొరకవచ్చు.

ఇక షాపువాడు చూపించే ఫ్యాన్ సంగతి. అట్టపెట్టె మీద ఉన్న స్టార్ లేబుల్ చూడండి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు ఇది తప్పనిసరి. అందులో సర్వీస్ వాల్యూ అనే అంకె ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో దాన్ని వాట్లతో భాగిస్తే వచ్చేది అదే. 210 ఘనపు మీటర్ల గాలికి 52 వాట్లు తీసుకుంటే 4 వస్తుంది. 220 కి 30 వాట్లు తీసుకుంటే 7.3 దగ్గర వస్తుంది. మొదటిది మామూలు మోటారు తీరు, రెండోది బీఎల్‌డీసీ తీరు. షాపులో ఏం చెప్పినా ఈ అంకె చూస్తే లోపల ఉన్న మోటారు ఏదో బయటపడుతుంది. ఐఎస్‌ఐ గుర్తు పక్కన `CM/L` తో మొదలయ్యే నంబరు కూడా ఉంటుంది. ఫోన్‌లో BIS Care యాప్ వేసుకుని, Verify Licence Details లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో చూపిస్తుంది. అక్కడ వచ్చిన పేరు బ్రాండు పేరుకి వేరుగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి. చాలా బ్రాండ్లు వేరే ఫ్యాక్టరీల్లో చేయిస్తాయి. అట్టపెట్టె మీద ‘తయారీదారు’ అని ముద్రించిన పేరుతో అది కలవాలి. అసలు నంబరే దొరకకపోతే ఆ ఫ్యాన్ వద్దు.

ధర దగ్గరికి వద్దాం. ఎంఆర్‌పీతో బేరం మొదలుపెట్టకండి. ఫ్యాన్ల మీద ఎంఆర్‌పీ అసలు అమ్మే ధర కంటే చాలా ఎక్కువగా ముద్రిస్తారు, ‘నలభై శాతం తగ్గింపు’ అని చెప్పుకోవడానికి వీలుగా. అలాగని పండగ సేల్ ధరనూ కొలమానంగా పెట్టుకోవద్దు. అది నాలుగు రోజుల ధర. కావలసింది మామూలు రోజుల్లో ఆన్‌లైన్‌లో నడిచే ధర. అమెజాన్‌లో ఉన్న మోడల్ అయితే Keepa అనే వెబ్‌సైటులో ఆ పేజీ లింకు వేస్తే గత మూడు నెలల ధరల గీత కనిపిస్తుంది. గీత ఎక్కువ రోజులు ఏ అంకె దగ్గర నిలిచిందో అదే మీ కొలమానం.

ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ 4,990, ఆన్‌లైన్‌లో మామూలు రోజుల ధర 2,799, సేల్‌లో 2,499, మీ షాపులో 3,400. ఆన్‌లైన్ కంటే షాపువాడు 601 రూపాయలు, అంటే 21 శాతం పైచిలుకు ఎక్కువ అడుగుతున్నాడు. నా లెక్కలో ఊరి షాపుకి 5 నుంచి 8 శాతం ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కళ్లముందు తిప్పి చూపిస్తాడు, శబ్దం వస్తే మర్నాడే మార్చుకోవచ్చు, సర్వీస్ సెంటర్ చుట్టూ మనం తిరగక్కర్లేదు. కాబట్టి 2,950 దగ్గర మాట తెగాలి, మరీ ముక్కితే 3,020. బిగించే కూలీ కూడా అందులోనే అంటే 3,200 దాకా వెళ్లినా నష్టం లేదు. అయితే షాపులకు వచ్చే మోడల్, ఆన్‌లైన్‌కి మాత్రమే చేసే మోడల్ కొన్నిసార్లు వేరుగా ఉంటాయి. మీ మోడల్ ఆన్‌లైన్‌లో అసలు లేకపోతే అదే కంపెనీలో అదే సైజు, అదే సర్వీస్ వాల్యూ ఉన్న మోడల్‌తో పోల్చండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే ట్రూప్ బజార్‌లో రెండు షాపులకు ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి అడగడం ఇంకా తేలిక.

ఒక్క మాట మాత్రం గట్టిగా అడగండి: ‘ఇది బిల్లుతో ధరేనా?’ 2,950 కి ఒప్పుకుని, బిల్లు దగ్గరికి వచ్చేసరికి ‘జీఎస్టీ అదనం’ అంటే 18 శాతం కలిసి 3,481 అవుతుంది. అంటే తగ్గించిన 450 మళ్లీ వాడి గల్లాపెట్టెలోకే, పైన ఇంకో 81. బిల్లు లేకుండా తీసుకుంటే రెండేళ్ల వారంటీ గాల్లో కలిసినట్టే. బేరం మొదట్లోనే ‘పన్నుతో, బిల్లుతో మొత్తం ఎంత’ అని అడిగితే ఈ మెలిక ఉండదు.

మామూలు ఫ్యాన్ వెయ్యి తక్కువకి వస్తోందని ఊగిసలాడుతుంటే ఇది చూడండి. 52 వాట్లకూ 30 వాట్లకూ తేడా 22. రోజుకి 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే దాదాపు 79 యూనిట్లు. మీ స్లాబులో యూనిట్ 6 రూపాయలైతే ఏటా 475 మిగులుతుంది, అంటే రెండేళ్లు దాటగానే వెయ్యి వచ్చేసినట్టే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు పడుకునే గదికైతే మామూలు ఫ్యానే చాలు. బీఎల్‌డీసీ తీసుకుంటే పాత రెగ్యులేటర్‌ను ఆ లైన్‌లోంచి తీయించండి. దాని మీదుగా కరెంటు ఇస్తే ఫ్యాన్‌లోని సర్క్యూట్ బోర్డు పాడవవచ్చు.

ప్రశ్న: షాపాయన వాట్సాప్‌లో మిక్సీ ఫొటో పంపి, 750 వాట్లు, మూడు జార్లు, 2,600 అన్నాడు. పాత మిక్సీ ఇస్తే 800 తగ్గిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

ముందువైపు అందమైన ఫొటో వద్దని చెప్పి, మిక్సీని బోర్లించి అడుగున ఉన్న ప్లేటు ఫొటో అడగండి. వాట్సాప్ ఫొటోను నొక్కేసి అక్షరాలు చెరిపేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ ప్లేటు మీద కంపెనీ పేరు, మోడల్, వోల్టేజీ, వాట్లు, సీరియల్ నంబరు, ఐఎస్‌ఐ గుర్తు, దానితో IS 4250 అనే ప్రమాణం, `CM/L` నంబరు ఉండాలి. ముందు స్టిక్కర్ మీద 750 అని, అడుగు ప్లేటు మీద 500 అని ఉంటే ప్లేటుదే నిజం. ప్లేటే లేకపోయినా, పేరులో ఒక అక్షరం అటూఇటూగా ఉండి పేరున్న బ్రాండులా కనిపిస్తున్నా అది స్థానికంగా బిగించి స్టిక్కర్ అంటించింది. 2,600 కాదు కదా, వెయ్యికి కూడా తీసుకోకండి. పప్పు రుబ్బే రోజున వైండింగ్ మాడిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ప్లేటు సరిగ్గా ఉంటే ఫ్యాన్‌కి చెప్పినట్టే మామూలు రోజుల ఆన్‌లైన్ ధర చూడండి. కానీ ఒకే మోడల్ రెండు జార్లతో, మూడు జార్లతో, జ్యూసర్‌తో వేర్వేరు ధరలకు వస్తుంది. జార్ల సంఖ్య, వాటి కొలతలు కూడా కలిసే పేజీతోనే పోల్చాలి. మోటారుకి అయిదేళ్ల వారంటీ అని రాసి ఉన్నా జార్లు, బ్లేడు, కప్లర్, రబ్బరు గాస్కెట్ చాలావరకు అందులోకి రావు. ఎక్కువగా పాడయ్యేవి ఇవే. అందుకే ‘ఈ మోడల్‌కి కప్లర్, జార్ బుష్ మీ దగ్గర దొరుకుతాయా’ అని ఆయన్నే అడగండి. లేవంటే ధర రెండొందలు తక్కువైనా లాభం లేదు.

ఎక్స్‌ఛేంజ్ మాట ఎత్తకముందే, పాతది ఇవ్వకుండా ఎంతకి ఇస్తాడో అడిగి ఆ ధరను ఖాయం చేసుకోండి. ఒట్టి కొనుగోలుకి 2,600 చెప్పినవాడు, ఎక్స్‌ఛేంజ్ అనగానే 3,200 నుంచి మొదలుపెట్టి 800 తీసేస్తే మీ చేతి నుంచి 2,400 పోతుంది. అంటే మీ పాత మిక్సీకి వచ్చింది 200. తిరుగుతున్న మిక్సీ అయితే, దాన్ని మరమ్మతు కొట్టువాడు ఎంతకి తీసుకుంటాడో కనుక్కున్నాకే ఇవ్వండి.