తొలకరి పద్యంలో ‘వచ్చింది’ పనికిరాదా?

సందేహం: మాది రాయగడ అండి. మా పాప ఎనిమిదో క్లాసు, స్కూల్ మ్యాగజైన్ కోసం తొలకరి మీద ఆటవెలది రాసింది. టీచర్ గారు ‘వచ్చింది’ అని ఉన్న 2 చోట్లా గీత గీసి, అది వాడుక మాట, పద్యానికి పనికిరాదు, ‘వచ్చెను’ అని మార్చు అన్నారట. నిజమేనా?

నల్ల మబ్బు పట్టె నాగావళికి పైన
మట్టి వాసన వచ్చింది మనసు నిండ
పల్లె పల్లె దాటి పరుగున వచ్చింది
తొలకరమ్మ బడికి తోడుగాను

సమాధానం: ముందు పాపకి నా అభినందనలు చెప్పండి, మూడో పాదం చాలా బావుంది. గీత గీసిన 2 చోట్లలో ఒకటి నిజంగానే తప్పు, ఇంకోటి అస్సలు తప్పు కాదు, కానీ తప్పయిన చోట కూడా కారణం వాడుక మాట కావడం కాదండి, ఆ పాదంలో ఆ మాటకి చోటు సరిపోకపోవడం.

ఆటవెలదిలో 1, 3 పాదాలకి 3 సూర్యగణాలు, తర్వాత 2 ఇంద్రగణాలు. 2, 4 పాదాలకి మొత్తం 5 సూర్యగణాలే. సూర్యగణం అంటే ‘మట్టి’లా గురువు తర్వాత లఘువు, లేదా ‘మనసు’లా 3 లఘువులు, ఎలా చూసినా 3 మాత్రలే. అంటే 2, 4 పాదాలు ఎప్పుడైనా సరిగ్గా 15 మాత్రలు రావాలి. లఘువుకి 1, గురువుకి 2 లెక్కేసి పాప రెండో పాదం చూడండి: మట్టి 3, వాసన 4, వచ్చింది 5, మనసు 3, నిండ 3, మొత్తం 18. మూడు ఎక్కువైపోయాయి. మరి టీచర్ గారు చెప్పినట్టు ‘వచ్చెను’ పెడితే? 17. అదీ కుదరదు! గ్రాంథికం చేసినంత మాత్రాన గణం దానంతటదే సర్దుకోదు కదా. పోనీ ‘వచ్చె’ అన్నా 16, ఇంకా ఒకటి మిగిలిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఎలా అంటామో అలాగే రాయండి, ‘మట్టి వాసనొచ్చె’. ‘వాసన ఒచ్చె’ అన్నప్పుడు మధ్యలో ఒక అచ్చు పోయింది, మిగిలిన ఆ ఒక్క మాత్రా పోయింది. మట్టి, వాస, నొచ్చె, మనసు, నిండ, 5 గణాలూ కుదిరాయి. నాలుగో గణం ‘మ’తో మొదలైంది కాబట్టి యతి కూడా సరిపోయింది. మాట మధ్యలో గణం విరిగిందని పాప కంగారు పడక్కర్లేదు, తన ‘తొలకరమ్మ’ కూడా ‘తొలక’, ‘రమ్మ’ అనే విరుగుతుంది. పాత పద్ధతిలోనే ఉండాలి అని పట్టుబడితే ‘మట్టి తావి సోకె’ అనొచ్చు, గణాలకి ఇబ్బంది లేదు, కానీ ఎనిమిదో క్లాసు పిల్ల నోట్లో ‘తావి’ నాకు అతికినట్టు అనిపించదు. నేనైతే ‘వాసనొచ్చె’నే ఉంచుతాను.

ఇక మూడో పాదం. ‘వచ్చింది’లో ‘చ్చ’ ముందున్న ‘వ’ గురువు, సున్నా ఉన్న ‘చ్చిం’ గురువు, ‘ది’ లఘువు, అంటే అది త గణం, ఇంద్రగణాల్లో ఒకటి. అందుకే ఈ మాట 2, 4 పాదాల్లో ఎక్కడా ఒక గణంగా కూర్చోదు, కానీ 1, 3 పాదాల చివర హాయిగా కూర్చుంటుంది. పల్లె, పల్లె, దాటి అని 3 సూర్యగణాలయ్యాక ‘పరుగున’ నల గణం, ‘వచ్చింది’ త గణం, ‘ప’కి ‘ప’ యతి. దీన్ని ముట్టుకోవద్దని టీచర్ గారికి నా మాటగా చెప్పండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మేష్టరుగా పనిచేసింది మీ పక్క జిల్లా పర్లాకిమిడిలోనే, ఆ ప్రాంతపు పిల్ల పద్యంలో ‘వచ్చింది’ అన్న మాటని వాడుక మాట అన్న ఒక్క కారణంతో కొట్టేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది మీ వైపు పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాల్సింది. ఒడియాలో ఇ, ఈ రాతలో వేరైనా పలకడంలో తేడా ఉండదు, పూరీ ఊరి పేరు చివర ‘రీ’ అని దీర్ఘం రాస్తారు, పలికేటప్పుడు పొట్టిగానే వినిపిస్తుంది. రోజంతా ఆ భాష మధ్యలో ఉన్న పిల్లలకి తెలుగులో లఘువు, గురువు చెవితో పట్టుకోవడం కొంచెం కష్టమవుతుంది, కాబట్టి చదివి చూసుకోవడం ఒక్కటే చాలదు, కాగితం మీద ఒక్కో అక్షరం కింద 1, 2 అంకెలు వేయించండి. 15 వచ్చినా మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే ‘ఇలా’ కూడా 3 మాత్రలే, కానీ లఘువు ముందు, గురువు తర్వాత వచ్చింది కాబట్టి సూర్యగణం కాదు. అలాగే మ్యాగజైన్ టైప్ చేసేవాళ్లు అలవాటు కొద్దీ ‘మనసు నిండా’ అని దీర్ఘం ఇచ్చేస్తారు, అప్పుడు మళ్లీ 16 అవుతుంది. ప్రూఫ్ వచ్చినప్పుడు అక్కడ ‘నిండ’ అనే ఉందా లేదా పాపనే చూసుకోమనండి.